వారానికి ఒక్క గంటే ఉంది: మగ్గం వర్క్ షాపుకి పోస్టుల క్యాలెండర్ ఎలా వేసుకోవాలి?

సూదిదారం (తెనాలి) · 17 జూన్ 2025

అందరికీ నమస్తే. తెనాలిలో మాది చిన్న మగ్గం వర్క్, బ్లౌజుల షాపు. కటింగ్, కుట్టు నేను చూసుకుంటాను. రెండు మగ్గాల మీద ఇద్దరు అన్నదమ్ములు వర్క్ చేస్తారు. పోస్టులు పెట్టడానికని ఇంకో మనిషిని పెట్టుకునే పరిస్థితి లేదు. ఇన్‌స్టాలో పేజీ ఉంది, వాట్సాప్ బిజినెస్ ఉంది. పండగో పెళ్లో దగ్గర పడ్డాక ఏదో ఒక ఫోటో పెడతాను, ఆ తర్వాత నెల దాకా ఏమీ ఉండదు.

మంగళవారం మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా షాపుకి ఎవరూ రారు. ఆ ఒక్క గంట ఇవ్వగలను, అంతకు మించి కుదరదు. ఆ గంటలో వారం మొత్తానికి సరిపడా పని ఎలా చేసుకోవాలి? ఏ రోజు ఏం పెట్టాలో ఒక పట్టికలాగా కావాలి. శ్రావణం వస్తోంది కాబట్టి ఇప్పుడే మొదలుపెడదామని ఉంది.

రీల్స్‌మిత్ర · 17 జూన్

అక్కా, సింపుల్. రోజుకో రీల్ పెట్టండి. ట్రెండింగ్‌లో ఉన్న పాట, హ్యాష్‌ట్యాగులు, సాయంత్రం ఏడింటికి పోస్టు. ఫోటోలు ఇప్పుడు ఎవరూ చూడటం లేదు. మిమ్మల్ని ఫాలో అవని వాళ్ల దాకా ఎక్కువగా వెళ్లేది రీలే. మూడు నెలలు గ్యాప్ లేకుండా పెడితే పేజీ లేస్తుంది.

సూదిదారం · 17 జూన్

రోజుకో రీల్ అంటే గంటలో ఏడు చేయాలి కదా తమ్ముడూ. ఒక్కటి చేయడానికే నాకు అరగంట పడుతుంది.

నెల్లూరు కర్రీ పాయింట్ · 17 జూన్

నాకైతే గంట కూడా పట్టదండి. పొద్దున పదిన్నరకి ఆ రోజు కూరలు బోర్డు మీద రాసి ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడతాను. పదకొండున్నరకల్లా ఫోన్లు మొదలవుతాయి. మీరూ రోజూ పొద్దున షాపు తెరవగానే స్టేటస్ పెట్టండి, క్యాలెండర్ ఎందుకు?

కాలువగట్టు · 17 జూన్

అన్నా, మీ కూర పొద్దున చూస్తే మధ్యాహ్నం కొనేస్తారు. ఆవిడ బ్లౌజు అలా కాదు. ఈ రోజు ఫోటో చూసినావిడ పది రోజులు ఆలోచించి, చీర పట్టుకుని వస్తుంది. ఆ తర్వాత షాపులో ఇంకో రెండు వారాలు పడుతుంది. మీ పద్ధతి మీకు కరెక్టే. ఆవిడకి మాత్రం ముందు చూపు ఉండే క్యాలెండర్ కావాలి.

సూదిదారం గారూ, నేను చాలాకాలంగా చిన్న షాపుల పేజీలు చూసుకుంటున్నాను. బట్టల షాపులు, బేకరీలు, ఇలా మగ్గం వర్క్ వాళ్లు కూడా ఉన్నారు. పట్టిక వేసేముందు మీ నుంచి మూడు సంగతులు కావాలి. హెవీ వర్క్ బ్లౌజు ఒక్కోదానికి మగ్గం మీద ఎన్ని రోజులు? వర్క్ అయ్యాక కుట్టడానికి, ట్రయల్‌కి ఎన్ని రోజులు? కౌంటర్ దగ్గర, వాట్సాప్‌లో జనం పదే పదే అడిగే ప్రశ్నలేంటి?

సూదిదారం · 18 జూన్

హెవీ అంటే చేతులు, వీపు నిండా జర్దోసీ, కుందన్, పూసలు. ఒక్కోదానికి ఐదు రోజులు వేసుకోండి. తర్వాత కుట్టు, ట్రయల్, ఏదైనా లూజు టైటు ఉంటే సరిచేయడం, అంతా కలిపి నాలుగైదు రోజులు. మెడ చుట్టూ మాత్రమే సింపుల్ వర్క్ అయితే రోజున్నరలో అవుతుంది.

అడిగే ప్రశ్నలా? ఎంత అవుతుంది, ఎప్పటికి ఇస్తారు, ఈ గుడ్డ సరిపోతుందా, చీరలో వచ్చిన బ్లౌజు పీసు మీదే చేయించాలా వేరే గుడ్డ తీసుకోవాలా. రోజూ ఈ నాలుగే.

కాలువగట్టు · 18 జూన్

ఇప్పుడు లెక్క వేద్దాం. మీ క్యాలెండర్ పుట్టాల్సింది మీ ఆర్డర్ల పుస్తకంలోంచి. ఇన్‌స్టా ఏం అడుగుతోందన్నది తర్వాతి మాట.

ఈ ఏడాది వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8, శుక్రవారం. బ్లౌజు కనీసం 5వ తేదీ మంగళవారానికి చేతికి రావాలి. కుట్టు, ట్రయల్ తీసేస్తే జులై 31కి మగ్గం మీద నుంచి దిగాలి. జులై నెలలో ఒక్కో మగ్గం మీద ఆరు హెవీ బ్లౌజులు అవుతాయి. రెండు మగ్గాలకీ కలిపి పన్నెండు. అంటే వ్రతం కోసం మీరు తీసుకోగలిగిన హెవీ ఆర్డర్లు పన్నెండే, అదీ ఇప్పటికే ఒప్పుకున్నవి ఏమీ లేకపోతే. పన్నెండు మంది కోసం రోజుకో రీల్ అక్కర్లేదు. వరుసలో ఉన్నవి కూడా చూసుకుంటే జులై 20 ఆదివారం తర్వాత కొత్త హెవీ ఆర్డర్ తీసుకోకూడదు. ఆ తేదీయే మీ క్యాలెండర్‌కి ఇరుసు. మిగతావన్నీ దాని నుంచి వెనక్కి వేసుకోవాలి.

చూసినావిడ నిర్ణయం తీసుకోవడానికి రెండు మూడు వారాలు ఇవ్వండి. అలా లెక్కేస్తే మొదటి పోస్టు ఈ నెల 24 వారంలోనే పడాలి. ఆషాఢం 26న మొదలవుతుంది. చాలామంది షాపులవాళ్లు ఆషాఢంలో పెళ్లిళ్లు లేవని పేజీ కూడా మూసేసినట్టు ఉంటారు. కానీ చీరలు కొనేది అప్పుడే. ఆషాఢం సేల్స్‌లో కొన్న చీరకి శ్రావణానికి బ్లౌజు కావాలి. చీర సంచి ఇంటికి చేరిన వారంలో మీ ఫోటో కళ్ల పడాలి.

పట్టిక ఇదీ:

24 జూన్ వారం: ఆషాఢం సేల్‌లో చీర కొనేవాళ్లకి. బ్లౌజు పీసు ఎంతుందో చూసుకోవడం, ఏ గుడ్డ మీద వర్క్ నిలుస్తుంది.
1 జులై వారం: మగ్గం మీద పని జరుగుతున్న వీడియో, పూర్తయిన హెవీ బ్లౌజు, ఎన్ని రోజులు పడుతుందో.
8 జులై వారం: చీరతో కలిపి తీసిన ఫోటోలు. హెవీకి ఆఖరు తేదీ జులై 20 అని మొదటిసారి చెప్పడం.
15 జులై వారం: ఆఖరు తేదీ మళ్లీ. ఇంకెన్ని ఖాళీలు ఉన్నాయో స్టేటస్‌లో.
22 జులై వారం: హెవీ బంద్. మెడ చుట్టూ సింపుల్ వర్క్, ప్లెయిన్ కుట్టు మాత్రమే.
29 జులై, 5 ఆగస్టు వారాలు: కొత్త పోస్టులు వద్దు. డెలివరీల ఫోటోలు తీసి దాచుకోండి, అవి దసరాకి పనికొస్తాయి.

వారానికి మూడు పోస్టులు చాలు. బుధవారం పని జరుగుతున్న వీడియో, శుక్రవారం ఒక ప్రశ్నకి జవాబు, ఆదివారం పూర్తయిన బ్లౌజు. ఆదివారం ఎందుకంటే ఇంట్లో అమ్మా కూతుళ్లూ కలిసి కూర్చుని చూసే రోజది.

రీల్స్‌మిత్ర · 18 జూన్

వారానికి మూడంటే పేజీ పెరగదన్నా. అల్గారిథం మర్చిపోతుంది.

కాలువగట్టు · 18 జూన్

కొత్తవాళ్ల దాకా ఎక్కువగా వెళ్లేది రీలే అన్న నీ మాటతో నాకు పేచీ లేదు, అందుకే బుధవారం దానికే ఇచ్చాను. పేజీ పెరగడం, ఆర్డర్లు రావడం మాత్రం వేరు వేరు. ఓ షాపు విషయంలో చూశాను: మగ్గం వర్క్ దగ్గరగా చూపించే రీల్స్ విపరీతంగా తిరిగాయి, సేవ్‌లు బోలెడు. తీరా మెసేజ్‌లు చూస్తే ‘డిజైన్ పేపర్ పంపుతారా’, ‘ఏ సూది వాడారు’ అని. చూసేవాళ్లలో సగం మంది వర్క్ నేర్చుకుంటున్నవాళ్లూ వేరే ఊళ్లలో షాపులున్నవాళ్లే. వాళ్లు రావడం తప్పు కాదు, కానీ బ్లౌజు కుట్టించుకోరు. మీ పేజీకీ అలాంటి మెసేజ్‌లే ఎక్కువగా వస్తుంటే సూది దగ్గర వీడియోలు తగ్గించి, మనిషి వేసుకున్న బ్లౌజు, మీ ఊరి పేరు ఉన్న పోస్టులు పెంచాలి. తెనాలి అన్న మాట క్యాప్షన్ మొదటి లైన్‌లోనే రావాలి.

పాట సంగతి ఇంకోటి. ఇన్‌స్టాలో బిజినెస్ అకౌంటుకి ట్రెండింగ్ సినిమా పాటలు చాలావరకు దొరకవు, వ్యాపారానికి హక్కులున్న లైబ్రరీ మాత్రమే చూపిస్తుంది. దాని కోసం గంటలో పావుగంట వెతుక్కోకండి. ఆరి సూది గుడ్డలో దిగే టకటక శబ్దం, దాని మీద మీ గొంతు చాలు.

ఫ్రిస్కో పద్మ · 19 జూన్

టెక్సస్ నుంచి రాస్తున్నాను. నాలాంటివాళ్లం బ్లౌజులు అక్కడే చేయించి, ఎవరైనా వచ్చేటప్పుడు పంపించమంటాం, లేదా కొరియర్. ఎన్నో పేజీలు చూస్తాను. డిజైన్లు అన్నిటిలోనూ బాగానే ఉంటాయి. ఏ పేజీలోనూ దొరకనిది ఒకటే, ఎప్పటిలోగా ఆర్డర్ ఇస్తే ఎప్పటికి వస్తుంది అని. అది మెసేజ్ పెట్టి అడగాలి, నాకు పగలు మీకు రాత్రి, జవాబు వచ్చేసరికి ఒకరోజు పోతుంది. కాలువగట్టు గారు చెప్పిన ఆఖరు తేదీ పోస్టుని పైన పిన్ చేస్తే నాకు అదొక్కటే చాలు. కొలతలకి పాత బ్లౌజు పంపాలా, వీడియో కాల్‌లో చెప్తే తీసుకుంటారా అన్నది కూడా ఒక పోస్టు వేయండి.

సూదిదారం · 19 జూన్

పద్మ గారూ, కొలతకి పాత బ్లౌజే కావాలండి, వీడియో కాల్ మీద నేను ధైర్యం చేయను. శుక్రవారం ప్రశ్నల్లో ఇది కూడా కలుపుతాను.

కాలువగట్టు గారూ, పట్టిక అర్థమైంది. కానీ ఆ గంటలో ఏ పని ఎంతసేపు? నేను కూర్చుంటే ఫోటోలు వెతుక్కోవడంలోనే గంట అయిపోతుంది.

కాలువగట్టు · 19 జూన్

అసలు చిక్కు అక్కడే ఉంది. ఫోటోలు తీయడం ఆ గంటలో ఉండకూడదు, అది షాపు పనిలో కలిసిపోవాలి. కిటికీ పక్కన ఒక చోటు ఖాయం చేసుకోండి. గోడకి లేత రంగు గుడ్డ, ఒక హ్యాంగర్. డెలివరీకి వెళ్లే ప్రతి బ్లౌజూ కవర్‌లో పెట్టేముందు ఆ హ్యాంగర్‌కి తగిలించి, పగటి వెలుతురులో ముందు ఒకటి, వీపు ఒకటి, చేయి దగ్గరగా ఒకటి. నిమిషం పడుతుంది. ట్యూబ్‌లైట్ కింద తీస్తే జరీ తెల్లగా పోతుంది, మెరూన్ కాస్తా గోధుమ రంగులో వస్తుంది. తర్వాత ‘ఫోటోలో రంగు వేరే ఉంది’ అన్న గొడవ కూడా దాన్నుంచే. మగ్గం మీద గుడ్డ బిగించినప్పుడు, సగం అయినప్పుడు, తీసే ముందు పది సెకన్ల వీడియో చొప్పున మీ అన్నదమ్ముల్లో ఒకరిని తీయమనండి. ఫోన్‌లో ఒకే ఆల్బమ్, దానికి ‘పోస్టు’ అని పేరు. అందులో లేని ఫోటో కోసం మంగళవారం వెతకడం లేదు అనుకోండి.

ఇక గంట. మొదటి పది నిమిషాలు ఆర్డర్ల పుస్తకం తెరవండి, ఫోన్ ముట్టుకోవద్దు. మగ్గాల మీద ఎన్ని ఉన్నాయి, ఎన్ని ఖాళీ, ఈ వారం జనం ఏమడిగారు. ఇవి చూస్తే పట్టికలో ఆ వారం రాసుకున్నది అలాగే ఉంచాలా మార్చాలా తెలిసిపోతుంది. తర్వాత పాతిక నిమిషాలు బుధవారం వీడియోకి: మూడు ముక్కలు కలిపి ఇరవై సెకన్లు, మీ గొంతుతో నాలుగు మాటలు. ఆ తర్వాత పావుగంట మిగతా రెండు పోస్టుల క్యాప్షన్లకి. చివరి పది నిమిషాలు మూడింటినీ మెటా బిజినెస్ సూట్‌లో తేదీలు పెట్టి షెడ్యూల్ చేయడం. దానికి డబ్బు కట్టక్కర్లేదు, ఇన్‌స్టా, ఫేస్‌బుక్ రెండిటికీ ఒకేసారి వెళ్తుంది. వాట్సాప్ స్టేటస్‌ని మాత్రం అలా ముందే పెట్టి వదిలేయలేం. అది ఏ రోజుకారోజు, డెలివరీ ఫోటో తీసినప్పుడే అక్కడికక్కడ వేసేయండి.

మెసేజ్‌లకి జవాబులు ఈ గంటలో కలపకండి. అది కౌంటర్ పని. వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైలు ఉంటాయి, మీ నాలుగు ప్రశ్నలకి నాలుగు జవాబులు ఒకసారి రాసి దాచుకుంటే చాలు.

శుక్రవారం పోస్టు ఎలా ఉండాలో ఒకటి రాసిస్తాను, మీ మాటల్లోకి మార్చుకోండి:

‘తెనాలిలో ఆషాఢం సేల్‌కి వెళ్తున్నారా? చీరతో వచ్చే బ్లౌజు పీసు సాధారణంగా 80 సెంటీమీటర్లు ఉంటుంది. పొట్టి చేతులకి సరిపోతుంది. మోచేతి దాకా చేతులు, వాటి మీద వర్క్ కావాలంటే మీటరు చూసుకోండి. పీసు చాలకపోతే చీర పట్టుకురండి, రంగు కలిసే గుడ్డ చూద్దాం. వరలక్ష్మీ వ్రతానికి హెవీ వర్క్ ఆర్డర్లు జులై 20 వరకే.’

వరంగల్ బుటీక్ · 20 జూన్

మా దగ్గర వ్రతం కంటే బతుకమ్మ పెద్ద సీజన్. ఈసారి ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబర్ 21. ఈ లెక్కన మేము ఆగస్టు మొదట్లోనే మొదలుపెట్టాలి కదా? మేమైతే వినాయక చవితి అయ్యాకనే గుర్తుచేసుకుంటాం.

కాలువగట్టు · 20 జూన్

తొమ్మిది రోజుల పండగ కాబట్టి ఒక్కొక్కరికి ఒకటి కంటే ఎక్కువ బ్లౌజులు పడతాయి, హెవీ తక్కువ, సింపుల్ ఎక్కువ. మీ పని రోజుల లెక్క వేసుకోండి. సింపుల్ వర్కే ఎక్కువైతే ఆగస్టు రెండో సగంలో మొదలుపెట్టినా సరిపోతుంది. సద్దుల బతుకమ్మకి హెవీ కావాలనేవాళ్లని మాత్రం ముందే పిలవాలి.

మంగళగిరి కోడలు · 21 జూన్

ఒక విషయం ఎవరూ అనలేదు. పెళ్లికూతురి బ్లౌజు ఫోటో పెళ్లికి ముందే పేజీలో పెడితే వాళ్లు చాలా బాధపడతారు. మా ఆడపడుచు బ్లౌజుని ఒక షాపువాళ్లు పెళ్లికి వారం ముందే పెట్టేశారు. బంధువులందరూ చూసేశారు, పెద్ద గొడవ అయింది.

సూదిదారం · 21 జూన్

మంచి మాట చెప్పారు. ఆర్డర్ తీసుకునేటప్పుడే రసీదు మీద ‘ఫోటో పెట్టవచ్చా, ఏ తేదీ తర్వాత’ అని ఒక గీత పెడతాను. ఒప్పుకోనివి ఆ ఆల్బమ్‌లోకే వెళ్లవు.

కాలువగట్టు · 21 జూన్

ఆ గీత పక్కనే ఇంకోటి కూడా పెట్టండి: ‘మమ్మల్ని ఎక్కడ చూశారు’. ఇన్‌స్టా అంటే ఇ, వాట్సాప్ అంటే వా, గూగుల్ మ్యాప్స్ అంటే గూ, ఎవరో చెప్పారంటే మా. నాలుగు వారాల తర్వాత లైకులు చూడకండి, ఆ అక్షరాలు లెక్కపెట్టండి.

సూదిదారం · 23 జులై

నెల దాటింది కాబట్టి ఏమైందో చెప్తాను. హెవీ ఖాళీలు 20వ తేదీ కంటే చాలా ముందే నిండిపోయాయి. 15న పెట్టాల్సిన ఆఖరు తేదీ పోస్టుని సింపుల్ వర్క్ పోస్టుగా మార్చేశాను. మొదటి పది నిమిషాలు పుస్తకం చూడమన్నది అప్పుడు పనికొచ్చింది, లేకపోతే ఒప్పుకోలేని ఆర్డర్ల కోసం పోస్టు వేసి ఉండేదాన్ని.

రసీదుల మీద అక్షరాలు చూస్తే సగానికి పైగా వా, మా. పాత కస్టమర్లు స్టేటస్ చూసి వాళ్ల చెల్లెళ్లకి, వదినలకి పంపారు. ఇన్‌స్టా నుంచి వచ్చినవాళ్లు తక్కువే గానీ, అందరూ కొత్తవాళ్లు. శుక్రవారం ప్రశ్నల్లో గుడ్డ ఎంత కావాలన్న పోస్టు అన్నిటికంటే ఎక్కువగా షేర్ అయింది. బుధవారం వీడియో రెండు వారాలు కుదరలేదు, మగ్గం దగ్గర తీసే తీరిక వాళ్లకి లేదు. అప్పుడు రెండు పోస్టులతోనే సరిపెట్టాను.

ఒక చిక్కు మాత్రం అలాగే ఉంది. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ పంపితే చాలామందికి చేరలేదు.

కాలువగట్టు · 23 జులై

మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే బ్రాడ్‌కాస్ట్ చేరుతుంది. ఒక లిస్టులో 256 మందికి మించి పెట్టలేరు కూడా. డెలివరీ అప్పుడు కౌంటర్ దగ్గరే ‘నంబరు సేవ్ చేసుకోండి, ఏదైనా సరిచేయాలంటే మెసేజ్ పెట్టొచ్చు’ అని అడిగితే చేసుకుంటారు. స్టేటస్ కూడా మీరిద్దరూ ఒకరి నంబరు ఒకరు సేవ్ చేసుకుంటేనే కనిపిస్తుంది. మీకు వా ఎక్కువ వస్తోంది కాబట్టి దసరా లెక్కలో బుధవారం రీల్‌ని వారం విడిచి వారం చేసి, ఆ పాతిక నిమిషాలు ఈ నంబర్ల లిస్టు సరిచేయడానికి వాడండి.

రీల్స్‌మిత్ర · 24 జులై

అక్కా, కొత్తవాళ్లు ఇన్‌స్టా నుంచే వచ్చారని మీరే అన్నారు. పాతవాళ్ల మీదే ఆధారపడితే వచ్చే ఏడాదికి కొత్తవాళ్లు ఎలా వస్తారు? రీల్ తగ్గించొద్దని నా మాట.

సూదిదారం · 24 జులై

అదీ నిజమే తమ్ముడూ. దసరా దాకా వారం విడిచి వారం చేసి చూస్తాను, రసీదుల మీద ఇ తగ్గితే మళ్లీ పెంచుతాను.

ఇంకో సలహా కావాలి. ఆదివారం పోస్టులో రేటు రాయాలా వద్దా? ఎంత అవుతుందని రోజూ అడిగేవాళ్లే ఎక్కువ.

కాలువగట్టు · 24 జులై

‘ఇంత నుంచి ఇంత దాకా’ అని రాయండి. మీ రేటు కుదరనివాళ్లు మెసేజ్ పెట్టకముందే తెలుసుకుంటారు, మీకు సమయం మిగులుతుంది.

వరంగల్ బుటీక్ · 25 జులై

దీనికి నేను ఒప్పుకోను. మేము రాశాం. పక్క వీధి షాపు అదే డిజైన్ ఫోటో పెట్టి ఐదు వందలు తగ్గించి రాసింది. మగ్గం వర్క్‌లో పూసల నాణ్యత, దారం వరసలు ఫోటోలో తెలియవు, రేటు ఒక్కటే తెలుస్తుంది. గుడ్డ పట్టుకుని షాపుకి వస్తే రెండు శాంపిళ్లు చేతిలో పెట్టి తేడా చూపించొచ్చు. రేటు రాసిన నెలలో అలా వచ్చేవాళ్లు తగ్గారు.

ఫ్రిస్కో పద్మ · 25 జులై

షాపుకి రాలేని నాలాంటివాళ్లు రేటు లేని పోస్టు దాటి వెళ్లిపోతాం అండి.